లాభాల వాటా ఆలస్యమైనప్పుడు భాగస్వాములకు రాసిన ఉత్తరాన్ని తిరగరాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో చాలావరకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు కలిసి నడుపుతున్న భాగస్వామ్య సంస్థలే. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి అలాంటి ఒక సంస్థనే ఉదాహరణగా తీసుకున్నాం. అందులో ఐదుగురు భాగస్వాములు ఉన్నారు. వాటాలు వరుసగా 30, 25, 20, 15, 10 శాతం. రోజువారీ వ్యవహారం చూసే మేనేజింగ్ పార్ట్‌నర్ పెద్దన్నయ్య గారి కొడుకు. మిగతా నలుగురు ఆయన బాబాయి, ఇద్దరు మేనత్తలు, అమెరికాలో ఉంటున్న అక్క. ఏటా ఆడిట్ పూర్తయ్యాక సెప్టెంబరు 30 లోగా లాభాల వాటా చెల్లించాలని భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, అంటే డీడ్‌లో ఉంది. 2024-25 సంవత్సరానికి పన్ను పోగా 40 లక్షల రూపాయల లాభం తేలింది, కానీ గడువు నాటికి ఆ డబ్బు చేతిలో లేదు. అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. మీ సంస్థ అంకెలు వేరైనా ఉత్తరం నడిపే తీరు మారదు.

మొదట రాసిన ఉత్తరంలో లోపం ఏమిటి?

మొదటి ఉత్తరం ఇలా ఉంది.

> "గౌరవనీయులైన భాగస్వాములకు, కొన్ని అనివార్య కారణాల వల్ల ఈ సంవత్సరం లాభాల పంపిణీలో స్వల్ప జాప్యం జరుగుతున్నదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. మార్కెట్ పరిస్థితులు అనుకూలించిన వెంటనే చెల్లింపులు జరుపబడును. మీ సహకారాన్ని ఎప్పటిలాగే కోరుతున్నాము."

దీంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ చదివినవారికి ఏమీ తెలియదు. "అనివార్య కారణాలు" అన్నచోట బాబాయి ఒకటి ఊహించుకుంటారు, మేనత్త మరొకటి ఊహించుకుంటారు. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునేసరికి ఆ ఊహలు రెండూ కలిసి మూడో కథ తయారవుతుంది. "స్వల్ప జాప్యం" అంటే వారమా, ఆరు నెలలా? "మార్కెట్ పరిస్థితులు" అంటే మిర్చి ధర. అయితే కోల్డ్ స్టోరేజీ మిర్చి అమ్మదు, అద్దె తీసుకుంటుంది. అలాంటప్పుడు ధర పడితే మన అద్దె ఎందుకు ఆగిందన్నది భాగస్వామికి సహజంగా వచ్చే మొదటి ప్రశ్న. ఉత్తరం ఆ ప్రశ్న రేపి, జవాబు చెప్పకుండా ముగిసిపోయింది.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. లాభం రాలేదా, లాభం వచ్చి డబ్బు చేతికి అందలేదా అన్నది ఉత్తరం తేల్చలేదు. ఈ రెండూ పూర్తిగా వేర్వేరు సంగతులు. మొదటిదైతే భాగస్వామికి రావాల్సింది ఏమీ లేదు. రెండోదైతే ఆయన వాటా ఆయన ఖాతాలో జమ అయి ఉంది, సంస్థ ఆయనకు బాకీ ఉంది. తిరగరాసే ఉత్తరం మొదటి వాక్యంలోనే ఇది ఏదో చెప్పాలి.

లాభం ఉందంటారు, డబ్బు లేదంటారు. చదివేవారిని ఎలా నమ్మించాలి?

లెక్క చూపించాలి. ఐదు వరుసలు చాలు, అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. అయితే ఆ ఐదింటి వెనకున్న కారణం ముందు మనకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో అద్దె సాధారణంగా బస్తా లోపల పెట్టినప్పుడు కాక బయటికి తీసేటప్పుడు వసూలవుతుంది. జనవరి నుంచి మే వరకు సరుకు లోపలికి వస్తుంది. ధర బాగుంటే ఆ ఏడాది చివరిలోగా చాలావరకు బయటికి పోతుంది, అద్దె వచ్చేస్తుంది. ధర పడిపోతే రైతూ వ్యాపారీ కూడా "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అని సరుకును లోపలే ఉంచుతారు. 2025 ఆరంభంలో జరిగింది అదే. ధర ఎంతగా పడిందంటే కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ. 11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. 2024లో పెట్టిన బస్తాలు ఎన్నో 2025 మార్చి దాటినా గదుల్లోనే ఉండిపోయాయి.

మన ఉదాహరణ సంస్థలో 2025 మార్చి 31 నాటికి అలాంటి పాత బస్తాలు 20,000 ఉన్నాయి. బస్తాకు అద్దె రూ. 200 అనుకుందాం. నిల్వచేసిన సేవ పూర్తయింది గనుక ఆ అద్దె మొత్తం లెక్కల్లో ఆదాయంగా చేరింది, లాభంలో కలిసింది, పన్నుకూ లోబడింది. సెప్టెంబరు 20 నాటికి 6,000 బస్తాలు బయటికి వెళ్ళాయి, 14,000 మిగిలాయి. అంటే లాభంలో కలిసిన అద్దెలో 28 లక్షలు ఇంకా వసూలు కాలేదు.

ఇక ఐదు వరుసల లెక్క చూద్దాం. పంచాల్సిన లాభం 40 లక్షలు. యంత్రాలు, భవనం తరుగుదల కింద 11 లక్షలు ఖర్చు రాశాం గానీ ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, కాబట్టి కలుపుకోవాలి. వసూలు కాని అద్దె 28 లక్షలు తీసేయాలి. బ్యాంకు టర్మ్ లోనులో తీర్చిన అసలు 9 లక్షలు తీసేయాలి, ఎందుకంటే అసలు చెల్లింపు ఖర్చు కాదు గనుక లాభం లెక్కలో కనపడదు. అమ్మోనియా కంప్రెసర్ మరమ్మతుకు అక్టోబరులో కట్టాల్సిన 4 లక్షలు పక్కన పెట్టాలి. ఇవన్నీ పోగా మిగిలేది 10 లక్షలు. ఇప్పుడు పంచగలిగింది అదే, అంటే ప్రతి భాగస్వామి వాటాలో నాలుగో వంతు.

బ్యాంకు అసలు సంగతి చాలామంది ఉత్తరాల్లో వదిలేస్తారు. వడ్డీ ఖర్చులో కనపడుతుంది గనుక "లోను ఖర్చు పోగానే కదా లాభం తేలింది" అని భాగస్వాములు అనుకుంటారు. ఆ అనుమానం ఆర్థికంగా చదువుకున్నవారికి కూడా వస్తుంది. ఒక వాక్యం రాస్తే అది తీరిపోతుంది.

తిరగరాసిన ఉత్తరం ఎలా ఉండాలి?

ఒక రూపం ఇది.

> తేదీ: 22 సెప్టెంబరు 2025
>
> భాగస్వాములందరికీ నమస్కారం.
>
> 2024-25 సంవత్సరానికి మన సంస్థకు పన్ను పోగా రూ. 40,00,000 లాభం వచ్చింది. ఎవరి వాటా వారి ఖాతాలో పూర్తిగా జమ చేశాము. అయితే సెప్టెంబరు 30 నాటికి అందులో రూ. 10,00,000 మాత్రమే, అంటే ప్రతి ఒక్కరి వాటాలో నాలుగో వంతు మాత్రమే చెల్లించగలం. డీడ్ ప్రకారం ఈ గడువు లోగా మొత్తం చెల్లించవలసి ఉంది, చెల్లించలేకపోతున్నాము.
>
> కారణం ఇది. 2024లో నిల్వ పెట్టిన బస్తాల్లో 14,000 ధర లేక ఇంకా మన గదుల్లోనే ఉన్నాయి. వాటి అద్దె రూ. 28,00,000 లాభంలో కలిసింది గానీ చేతికి రాలేదు. లాభానికీ, ఇప్పుడు చెల్లించే మొత్తానికీ మధ్య తేడాను చూపే లెక్కను రెండో పేజీలో ఇచ్చాను.
>
> మిగిలిన రూ. 30,00,000 ఇలా చెల్లిస్తాము. ఈ పాత బస్తాల మీద ఏ నెలలో వసూలైన అద్దెను మరుసటి నెల 10వ తేదీ లోగా అందరికీ వాటాల ప్రకారం ఒకేసారి పంచుతాము. ఆ సొమ్మును వేరే ఖర్చుకు వాడము. మిగతా రూ. 2,00,000 ఈ ఏటి ఆదాయం నుంచి 2026 మార్చి 31 లోగా ఇస్తాము. బస్తాలు ఏ నెలలో ఎన్ని కదులుతాయో మన చేతిలో లేదు గనుక అద్దె సొమ్ము మొత్తానికి ఒకే తేదీ చెప్పలేకపోతున్నాను.
>
> డిసెంబరు 31 నాటికి కదలని బస్తాల యజమానులకు నోటీసులు పంపుతాము. కొత్త పంటకు గదులు ఖాళీ చేయవలసిన సమయం కూడా అదే.
>
> డీడ్ ప్రకారం నాకు నెలకు రూ. 60,000 వేతనం అందుతున్నది, అందులో మార్పు లేదు. లాభాల వాటాలో మాత్రం నేనూ అందరిలాగే నాలుగో వంతే తీసుకుంటున్నాను.
>
> బస్తాల రసీదులైన బాండ్ల రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆఫీసులో ఉన్నాయి. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు, దూరంగా ఉన్నవారు అడిగితే నకళ్ళు పంపుతాను. తర్వాతి ఉత్తరం నవంబరు 10న రాస్తాను, అప్పటికి ఏమీ వసూలు కాకపోయినా రాస్తాను.
>
> ఇట్లు,
> మేనేజింగ్ పార్ట్‌నర్

రెండో పేజీలో ఐదు వరుసల లెక్క, దాని కింద ఒక్కొక్కరి పేరు, వాటా, ఇప్పుడు అందే మొత్తం, నిలిచిన మొత్తం ఉండాలి. 30 శాతం వారికి 12 లక్షల్లో ఇప్పుడు 3 లక్షలు, 25 శాతం వారికి 10 లక్షల్లో రెండున్నర లక్షలు, 20 శాతం వారికి 8 లక్షల్లో 2 లక్షలు, 15 శాతం వారికి 6 లక్షల్లో లక్షన్నర, 10 శాతం వారికి 4 లక్షల్లో లక్ష. అందరి అంకెలూ అందరికీ కనపడేలా ఒకే పట్టికలో ఇవ్వడం మేలు. ఎవరిది వారికి విడిగా పంపితే పక్కవారికి ఎక్కువ ముట్టిందేమోనన్న అనుమానం పుడుతుంది.

"చెల్లించలేకపోతున్నాము" అని అంత సూటిగా రాయడం అవసరమా? పెద్దవాళ్ళు బాధపడరా?

అవసరమే. గడువు డీడ్‌లో ఉంది, ఆ గడువు తప్పుతోంది. ఆ సంగతి మనం రాయకపోతే భాగస్వామి డీడ్ తెరిచి తనే చూసుకుంటారు, అప్పుడు మన మౌనం దాచిపెట్టినట్టు కనపడుతుంది. భాగస్వాములు ఒకరిపట్ల ఒకరు న్యాయంగా, నమ్మకంగా ఉండాలనీ, సంస్థకు సంబంధించిన సరైన లెక్కలూ పూర్తి సమాచారమూ ఇవ్వాలనీ 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. అంటే ఈ ఉత్తరం మర్యాద కోసం రాసేది మాత్రమే కాదు, రాయడం మన బాధ్యత.

పెద్దవాళ్ళ మనసు సంగతి వేరే దారిలో చూసుకోవాలి. ఉత్తరం పంపడానికి ముందు రోజే బాబాయికీ మేనత్తలకూ ఫోను చేసి, "రేపు ఉత్తరం వస్తుంది, దాంట్లో ఇది ఉంటుంది" అని నోటితో చెప్పాలి. కాగితం మీద చూసి తెలుసుకోవడం వేరు, అన్న కొడుకు నోటి నుంచి వినడం వేరు. అయితే ఫోనులో చెప్పిందీ ఉత్తరంలో రాసిందీ ఒకటే అయి ఉండాలి. ఫోనులో "దసరాకి సర్దుతాలే అత్తయ్యా" అని ధైర్యం చెప్పి, ఉత్తరంలో తేదీ చెప్పలేమని రాస్తే ఆవిడ ఫోను మాటనే గుర్తుపెట్టుకుంటారు.

అందరికీ ఒకే ఉత్తరం రాస్తే వరసలు, పిలుపులు ఎలా?

ఉత్తరంలో "భాగస్వాములందరికీ" అన్న ఒక్క సంబోధన చాలు. మేనత్తకు "పూజ్యురాలైన అత్తయ్య గారికి" అనీ, అక్కకు "అక్కా" అనీ వేర్వేరు ఉత్తరాలు రాయడం మొదలుపెడితే విషయం కూడా తెలియకుండానే వేరవుతుంది. ఒకరికి ఎక్కువ వివరం, ఒకరికి ఎక్కువ ఓదార్పు చేరతాయి. ఆప్యాయంగా నాలుగు మాటలు కలపాలనుకుంటే విడిగా చేత్తో రాసి జతచేయవచ్చు, కానీ అందులో డబ్బు ప్రస్తావన ఉండకూడదు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మంచిది కాదు. అందులో అల్లుళ్ళు, కోడళ్ళు, పిల్లలు ఉంటారు, వాళ్ళు భాగస్వాములు కారు. ఐదుగురికీ ఒకే సమయానికి చేరేలా మెయిలు గానీ, భాగస్వాములు మాత్రమే ఉన్న వేరే గ్రూపు గానీ వాడాలి, చదవడం కష్టమైనవారికి కాగితం మీద పంపాలి.

కచ్చితమైన తేదీ ఇవ్వకపోతే తప్పించుకుంటున్నట్టు ఉండదా?

మన చేతిలో ఉన్నవాటికి తేదీ ఇవ్వాలి, లేనివాటికి షరతు ఇవ్వాలి. బస్తా ఎప్పుడు కదులుతుందన్నది మిర్చి ధర మీద ఆధారపడి ఉంది, కాబట్టి "జనవరి 15 నాటికి మొత్తం" అని రాస్తే అది ఊహే అవుతుంది. అదే, వసూలైన అద్దెను మరుసటి నెల 10వ తేదీ లోగా పంచుతామన్నది మనం నిలబెట్టుకోగల మాట. తర్వాతి ఉత్తరం తేదీ కూడా అలాంటిదే. మొదటి ఉత్తరంలో "పరిస్థితులు అనుకూలించిన వెంటనే" అన్నదీ షరతే, కానీ ఆ పరిస్థితి ఏమిటో, అది వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందో చదివేవారికి తెలియదు. బస్తాల లెక్కయితే ఎవరైనా రిజిస్టరు చూసి సరిచూసుకోవచ్చు.

ఒకసారి తేదీ తప్పి రెండోసారి మరో తేదీ ఇచ్చామంటే, మూడో ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు. నా దృష్టిలో ఆలస్యం కంటే దీనివల్లే ఎక్కువ కుటుంబ సంస్థలు చెడిపోతున్నాయి.

ఈ ఏడాది కొత్త బస్తాల అద్దె వస్తోంది కదా, దాన్నుంచి ఇచ్చేయవచ్చు కదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2025 పంట బస్తాలు కూడా జూన్ నుంచి కొద్దికొద్దిగా బయటికి పోతున్నాయి, వాటి అద్దె వస్తోంది. కానీ కరెంటు బిల్లు, హమాలీలు, సిబ్బంది జీతాలు, బీమా, బ్యాంకు వాయిదా ఇవన్నీ దాన్నుంచే నడవాలి. గదులు నిండి ఉన్నంతకాలం చల్లదనం ఆపడానికి వీల్లేదు. బస్తా కదలకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. కొత్త అద్దెను పాత లాభం కింద పంచేస్తే వచ్చే సెప్టెంబరులో ఇంతకంటే పెద్ద లోటుతో ఇదే ఉత్తరం మళ్ళీ రాయాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత బస్తాలు రెండో ఏడాది కూడా నిల్వ ఉన్నాయి గనుక వాటి యజమానులు రెండో ఏటి అద్దె కూడా కట్టాలి. అది 2025-26 ఆదాయం. వసూలైనప్పుడు మొదటి ఏటి రూ. 200 ఒక వైపు, రెండో ఏటిది మరో వైపు వేరుగా రాయకపోతే నెలనెలా పంచేదాంట్లో ఏ సంవత్సరపు లాభం ఎంతో ఎవరికీ తెలియదు.

బ్యాంకు నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ తీసి వాటాలు ఇచ్చేస్తే సరిపోదా?

ముందు లోను మంజూరు పత్రం చదవాలి. బ్యాంకు అనుమతి లేకుండా భాగస్వాములు మూలధనం వెనక్కి తీసుకోకూడదన్న షరతు అందులో ఉండవచ్చు. షరతు లేకపోయినా ఆ వడ్డీ సంస్థ మీద పడుతుంది, అంటే వచ్చే ఏడాది అందరి లాభం తగ్గుతుంది. ఐదుగురూ తెలిసి ఒప్పుకుంటే చేయవచ్చు, మేనేజింగ్ పార్ట్‌నర్ ఒక్కరే నిర్ణయించుకునేది మాత్రం కాదు. ఉత్తరంలో దీని గురించి రాయాలంటే, "ఈ దారి చూశాం, వడ్డీ భారం వల్ల వద్దనుకున్నాం, మీలో ఎక్కువమంది కావాలంటే కూర్చుని మాట్లాడదాం" అని రెండు మూడు ముక్కల్లో రాయవచ్చు.

ఆలస్యమైన వాటాకు వడ్డీ రావాలని భాగస్వామి అడిగితే?

డీడ్ ఏం చెబుతుందో చూడాలి. మూలధనం మీద వడ్డీ డీడ్‌లో ఒప్పుకుంటేనే వస్తుంది, అదీ లాభాల నుంచే వస్తుంది. ఒప్పుకున్న మూలధనానికి మించి భాగస్వామి సంస్థకు అడ్వాన్సు ఇస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఏడాదికి 6 శాతం వడ్డీకి హక్కు ఉందని చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. ఖాతాలో నిలిచిపోయిన లాభాల వాటాను అడ్వాన్సుగా చూడాలా వద్దా అన్నది ఐదుగురూ కూర్చుని రాసుకోవాల్సిన సంగతి. ఉత్తరం రాసేవారు సానుభూతితో "ఆలస్యానికి వడ్డీ ఇస్తాం" అని ఒక వాక్యం కలిపితే, మిగతా నలుగురి తరఫున మాట ఇచ్చినట్టవుతుంది. అడిగినవారికి, "డీడ్‌లో దీని ప్రస్తావన లేదు, సమావేశంలో పెడతాను" అని రాయడం సరైన జవాబు.

ఒకవేళ వడ్డీకి అందరూ ఒప్పుకుంటే దాని పన్ను దారి వేరు. భాగస్వామికిచ్చే వడ్డీలో ఏడాదికి 12 శాతం వరకే సంస్థకు ఖర్చుగా చెల్లుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి వేతనం, వడ్డీ వంటివన్నీ కలిపి ఏడాదిలో రూ. 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. చేతికి ఇవ్వకుండా ఖాతాలో జమ చేసినా కోయాల్సిందే. లాభాల వాటాకు ఈ కోత లేదు.

వాటా చేతికి రాకపోయినా మేం పన్ను కట్టాలా?

అక్కర్లేదు. సంస్థ తన లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కడుతుంది. ఆ తర్వాత భాగస్వామికి వచ్చే లాభాల వాటాకు ఇక్కడ మళ్ళీ పన్ను లేదు. ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం ఉంటే సగం ఫోన్లు తగ్గుతాయి.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. చేతికి రాని 28 లక్షల అద్దె మీద కూడా సంస్థ పన్ను కట్టేసింది, సుమారు 8 లక్షల 74 వేలు. డబ్బు బిగుసుకుపోవడానికి ఇదీ ఒక కారణం. అయితే 40 లక్షల అంకె పన్ను పోగా వచ్చింది గనుక రెండో పేజీ లెక్కలో దీన్ని మళ్ళీ తీసేయకూడదు. ఒకసారి తీసేసినదాన్ని రెండోసారి తీసేయడం ఇలాంటి లెక్కల్లో తరచుగా జరిగే పొరపాటు.

అమెరికాలో ఉన్న అక్క సంగతి వేరు. అక్కడి లెక్కల్లో ఈ ఆదాయాన్ని ఎలా చూపాలో అక్కడి పన్ను సలహాదారును అడగాలి. ఆవిడకు మనం ఇవ్వాల్సిందల్లా ఖాతాలో జమ అయిన తేదీ, మొత్తం, చేతికి చెల్లించిన ప్రతి తేదీ, మొత్తం స్పష్టంగా రాసిన కాగితం.

మేనేజింగ్ పార్ట్‌నర్ తన జీతం సంగతి ఉత్తరంలో ఎందుకు రాయాలి?

అందరి మనసులో ఉండేది అదే గనుక. "మాకు ఆగింది, వాడికి ఆగలేదు" అన్న మాట ఇంట్లో ఒకసారి పుడితే ఏ లెక్కా దాన్ని ఆపలేదు. వేతనం డీడ్ ప్రకారం వస్తోంది, అది పనికి ప్రతిఫలం, దాన్ని ఆపాల్సిన పని లేదు. కానీ అది వస్తోందని చెప్పాలి, వాటాలో అందరిలాగే తీసుకుంటున్నానని చెప్పాలి. ఏడాది మధ్యలో వాటా కింద ముందే కొంత వాడుకుని ఉంటే అది కూడా రెండో పేజీ పట్టికలో కనపడాలి, ఇప్పుడు అందే మొత్తంలో తగ్గించాలి.

ఒక భాగస్వామికి అత్యవసరంగా డబ్బు కావాలి. ఆయనకు ముందు ఇవ్వవచ్చా?

చిన్న మేనత్త ఇంట్లో పెళ్ళి ఉందనుకుందాం. ఆవిడ 6 లక్షల వాటాలో లక్షన్నర అందింది, ఇంకో 3 లక్షలు వెంటనే కావాలి. నిజమైన అవసరం, కాదనడం కష్టం. అయినా గుట్టుగా ఇస్తే అది నెల తిరక్కముందే మిగతావారికి తెలుస్తుంది. సరైన దారి ఏమిటంటే, మిగతా నలుగురికీ రాసి వాళ్ళ ఒప్పుదల తీసుకోవాలి, ఆ 3 లక్షలను ఆవిడకు తర్వాత అందాల్సిన వాయిదాల నుంచి మినహాయిస్తామని స్పష్టం చేయాలి. నలుగురూ ఒప్పుకోకపోతే, ఎవరైనా ఒకరు తన సొంత డబ్బు చేబదులుగా ఇచ్చి ఆవిడ వాయిదాల నుంచి తిరిగి తీసుకోవచ్చు. అది వాళ్ళిద్దరి మధ్య వ్యవహారం, సంస్థ పుస్తకాల్లోకి రాకూడదు.

ఆ 28 లక్షలు నిజంగా వస్తాయా? బస్తాలు వదిలేసి వెళ్ళిపోతే?

అద్దె కట్టనిదే బస్తా బయటికి పోదు, కాబట్టి మామూలుగా ఇది భద్రమైన బాకీయే. కానీ పూర్తిగా భద్రమని రాయకూడదు. ఆ బస్తాల మీద బ్యాంకు రుణం ఉంటే బ్యాంకు బాకీ, మన అద్దె, రెండేళ్ళ వడ్డీ కలిపి సరుకు ధరను మించిపోవచ్చు. మిర్చికి నిల్వకాలం పెరిగేకొద్దీ రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే ధర తగ్గుతుంది. లెక్క మించిపోయినప్పుడు యజమానికి బస్తా విడిపించుకోవాల్సిన అవసరం కనపడదు. అప్పుడు నోటీసు, వేలం, బ్యాంకుతో మాటలు, చివరికి కొంత నష్టం తప్పవు.

అందుకే ఉత్తరం రాసే ముందు 14,000 బస్తాల బాండ్లను రెండు కట్టలు చేయాలి. రుణం లేనివి ఒకటి, రుణం ఉన్నవి ఒకటి. రెండో కట్టలో ఈ రోజు ధరకు బాకీ తీరనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. అవి 1,500 బస్తాలనుకుంటే, "రూ. 3,00,000 అద్దె వసూలు కావడం అనుమానంగా ఉంది" అని ఉత్తరంలో ఒక వాక్యం చేర్చాలి. చివరకు వసూలైతే ఎవరూ తప్పుపట్టరు. ముందు చెప్పకుండా చివర్లో 3 లక్షలు తగ్గించి ఇస్తే మాత్రం మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది.

లెక్కలు చూస్తామని ఎవరైనా వస్తే?

ప్రతి భాగస్వామికీ సంస్థ పుస్తకాలు చూసే హక్కు, నకళ్ళు తీసుకునే హక్కు చట్టం 12వ సెక్షన్ ఇస్తుంది. అడగకముందే ఉత్తరంలో ఆహ్వానించాం గనుక వచ్చినవారు నిలదీయడానికి వచ్చినట్టు అనుకోరు, మనమూ అనుకోకూడదు. బాండ్ల రిజిస్టరులో పాత బస్తాల పేజీలకు గుర్తుపెట్టి సిద్ధంగా ఉంచితే పావుగంటలో చూసుకుని వెళ్తారు. బాబాయి కోరుకుంటే గదిలోకి తీసుకెళ్ళి ర్యాకుల మీద ఉన్న బస్తాలను లాట్ నంబర్లతో సహా చూపించవచ్చు.

నవంబరు 10 ఉత్తరంలో ఏం రాయాలి?

మొదటి ఉత్తరంలో చెప్పిన లెక్కనే ముందుకు నడిపించాలి, కొత్త కథ ఎత్తుకోకూడదు. అక్టోబరులో 2,600 పాత బస్తాలు కదిలాయనుకుందాం. అప్పుడు ఉత్తరం ఇంతే:

> అక్టోబరులో 2,600 పాత బస్తాలు బయటికి వెళ్ళాయి. వాటి మొదటి ఏటి అద్దె రూ. 5,20,000 వసూలైంది. ఈ రోజు ఆ మొత్తాన్ని అందరి ఖాతాలకూ పంపాము: 30 శాతం వారికి రూ. 1,56,000, 25 శాతం వారికి రూ. 1,30,000, 20 శాతం వారికి రూ. 1,04,000, 15 శాతం వారికి రూ. 78,000, 10 శాతం వారికి రూ. 52,000. గదుల్లో ఇంకా 11,400 పాత బస్తాలు ఉన్నాయి, వాటి అద్దె రూ. 22,80,000. మార్చిలో ఇస్తామన్న రూ. 2,00,000 కలిపి ఇంకా చెల్లించవలసినది రూ. 24,80,000. తర్వాతి ఉత్తరం డిసెంబరు 10న.

సెప్టెంబరు చివరి పది రోజుల్లో కదిలిన బస్తాలేమైనా ఉంటే వాటి సొమ్మును అక్టోబరు 10 లోగా పంచి ఉండాలి, వాటినీ ఈ లెక్కలో ఒక వరుసగా చూపాలి. అక్టోబరులో ఒక్క బస్తా కూడా కదలకపోతే అదే మాట, అదే తేదీకి రాయాలి.